మట్టి భౌతిక ధర్మాల ప్రాక్టికల్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాబ్‌లో ప్రతి కొత్త బ్యాచ్ వచ్చినప్పుడూ అవే డౌట్లు, అదే వరసలో. రికార్డు సంతకానికి తెచ్చే రోజున మరీ ఎక్కువ. విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఉదాహరణ లెక్కలన్నీ ఒకే పొలం మట్టివి, అందుకని అంకెలు అక్కడక్కడా మళ్లీ కనిపిస్తాయి.

## మట్టి తెచ్చే దశ

ఒక సంచి నిండా మట్టి తెస్తే అన్ని ప్రాక్టికల్స్‌కీ సరిపోదా?

సరిపోదు. టెక్స్చర్‌కీ, అంటే ఇసుక, ఒండ్రు, బంకమన్ను ఎంతెంత ఉన్నాయో చూడటానికీ, రేణువుల సాంద్రతకీ సంచిలో తెచ్చిన మట్టి చాలు. నీడలో ఆరబెట్టి, గడ్డలు మెత్తగా చితక్కొట్టి, 2 మి.మీ. జల్లెడ పట్టి వాడతాం. అక్కడ మనం చూసేది రేణువుల్నే కాబట్టి మట్టి అమరిక చెదిరినా నష్టం లేదు. బల్క్ డెన్సిటీ అంటే ఖాళీలతో కలిపి మట్టి సాంద్రత, పోరోసిటీ అంటే ఆ ఖాళీల శాతం, ఇన్‌ఫిల్ట్రేషన్ అంటే నీళ్లు నేలలోకి దిగడం. వీటి సంగతి వేరు, ఇవి ఆ అమరిక మీదే ఆధారపడతాయి. పారతో తవ్వి సంచిలో పోసిన క్షణంలోనే అది పోతుంది. అందుకే బల్క్ డెన్సిటీకి మట్టిని చెదరకుండా కోసి తీసే కోర్ రింగు కావాలి, ఇన్‌ఫిల్ట్రేషన్‌కి మనమే పొలానికి పోవాలి.

కోర్ రింగు దించితే లోపల మట్టి కుంగిపోతోంది, లేదా బయటికి తీసేసరికి రాలిపోతోంది. ఏం చేయాలి?

రెండూ తేమతో వచ్చే ఇబ్బందులే. మరీ తడిగా ఉంటే రింగు దిగుతున్నకొద్దీ మట్టి నొక్కుకుపోతుంది, మరీ పొడిగా ఉంటే పగిలి రాలుతుంది. నీళ్లు పెట్టిన రెండు మూడు రోజులకి, పిడికిట్లో నొక్కితే ముద్దయి చేతికి అంటుకోని స్థితిలో తీయడం మేలు. రింగు మీద చెక్క ముక్క పెట్టి నిటారుగా, చిన్న దెబ్బలతో దించండి. దిగాక లోపలి మట్టి మట్టం, బయటి నేల మట్టం ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. లోపల 3 మి.మీ. కిందికి ఉంటే మట్టి కుదించుకుపోయినట్టే, ఆ కోర్ పారేసి పక్కన ఇంకోటి తీయాలి. పైన కాస్త మట్టి జల్లి సరిచేసే పిల్లల్ని చాలామందిని చూశాను. అలా చేస్తే ఘనపరిమాణం సరిగ్గానే కనిపిస్తుంది, డెన్సిటీ మాత్రం తప్పు. బయటికి తీసేటప్పుడు రింగు పట్టుకుని లాగకుండా చుట్టూ తవ్వి, అడుగున తాపీ పెట్టి లేపాలి. అంచులకి అవతల ఉన్న మట్టిని కత్తితో సమంగా కోసేయాలి.

## టెక్స్చర్: హైడ్రోమీటర్ దశ

కాల్గాన్ పోసి రాత్రంతా నానబెట్టమంటారు. టైం లేకపోతే నేరుగా తిప్పేస్తే ఏమవుతుంది?

బంకమన్ను తక్కువ, ఒండ్రు ఎక్కువ అని వస్తుంది. బంక రేణువులు విడివిడిగా ఉండవు, కాల్షియం లాంటి అయాన్ల వల్ల గుంపులు కట్టి ఉంటాయి. ఆ గుంపు ఒండ్రు రేణువంత ఉంటే, ఒండ్రులాగే త్వరగా అడుక్కి దిగిపోతుంది. కాల్గాన్, అంటే సోడియం హెక్సామెటాఫాస్ఫేట్, కాల్షియాన్ని పట్టేసుకుని ఆ చోట సోడియం చేరేలా చేస్తుంది, దాంతో రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుని విడిపోతాయి. 50 గ్రా. మట్టికి 5 శాతం ద్రావణం 100 మి.లీ. పోసి రాత్రంతా ఉంచి, పొద్దున స్టిర్రర్ కప్పులో 5 నిమిషాలు తిప్పి, 1 లీటరు సిలిండర్లోకి మార్చాలి. సరిగ్గా విడిపోకపోతే సిలిండర్ చూస్తే తెలిసిపోతుంది. బంకమట్టి అని తెలిసిన శాంపిల్లో అరగంటకే పైన తేటనీరు తేరుకుంటే గుంపులు విడలేదన్నమాట. సేంద్రియ పదార్థం బాగా ఉన్న మట్టికి ముందు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో దాన్ని కాల్చాలి. కొంచెం కొంచెంగా పోయండి, నురగ బీకరు దాటి బల్ల మీదికి వచ్చేస్తుంది.

హైడ్రోమీటర్ రీడింగ్‌కి 40 సెకన్లు, 2 గంటలు అనే టైములు ఎక్కడివి? వేరే మాన్యువల్లో 4 నిమిషాలు అని ఉందే?

హైడ్రోమీటర్ చూపించేది నీళ్లలో ఇంకా తేలుతున్న మట్టి ఎన్ని గ్రాములో. ఆ టైములు స్టోక్స్ సూత్రం నుంచి వచ్చాయి. రేణువు వ్యాసం రెట్టింపైతే నీళ్లలో అది దిగే వేగం నాలుగు రెట్లవుతుంది. 20 డిగ్రీల నీళ్లలో 0.05 మి.మీ. రేణువు 10 సెం.మీ. దిగడానికి సుమారు 45 సెకన్లు పడుతుంది, 0.02 మి.మీ. రేణువుకి దాదాపు 4 నిమిషాల 40 సెకన్లు. అమెరికా పద్ధతిలో ఇసుకకీ ఒండ్రుకీ హద్దు 0.05 మి.మీ., అంతర్జాతీయ పద్ధతిలో 0.02. మీ మాన్యువల్ ఏ పద్ధతిదో దాన్ని బట్టి మొదటి రీడింగ్ టైం మారుతుంది. 4 నిమిషాల రీడింగ్‌తో వచ్చిన ఇసుక శాతాన్ని, మూడు శాతాల్ని బట్టి మట్టి పేరు చెప్పే అమెరికా త్రిభుజంలో పెట్టకండి, అందులో ముతక ఒండ్రు కూడా ఇసుక ఖాతాలో పడిపోతుంది.

2 గంటల రీడింగ్ మాత్రం ఒక రాజీ. బంకమన్ను హద్దు 0.002 మి.మీ., ఆ రేణువు 10 సెం.మీ. దిగడానికి 8 గంటలకి కాస్త తక్కువ పడుతుంది. 2 గంటలకి కొంత సన్న ఒండ్రు ఇంకా తేలుతూనే ఉంటుంది కాబట్టి బంక శాతం కాస్త ఎక్కువ వస్తుంది. ప్రాక్టికల్ పీరియడ్‌లో 8 గంటలు ఎవరూ కూర్చోలేరు, అంతే.

బ్లాంక్ రీడింగ్ తీసేయాలా, టెంపరేచర్ కరెక్షన్ కలపాలా, రెండూ చేయాలా?

అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే, అందుకని అంకెలతో చెప్తా. మన శాంపిల్ ఆరిన మట్టి 50 గ్రా., అందులో తేమ 4 శాతం, అంటే ఓవెన్ పొడి బరువు 50 ÷ 1.04 = 48.08 గ్రా. సిలిండర్ నీళ్లు 27 డిగ్రీలు. 40 సెకన్ల రీడింగ్ 31, 2 గంటల రీడింగ్ 21. పక్కన మట్టి లేకుండా నీళ్లు, కాల్గాన్ మాత్రమే ఉన్న బ్లాంక్ సిలిండర్లో అదే 27 డిగ్రీల దగ్గర రీడింగ్ 3.

బ్లాంక్ తీసేస్తే 31 − 3 = 28, దాన్ని 48.08తో భాగిస్తే ఒండ్రు, బంక కలిపి 58.2 శాతం. అలాగే 21 − 3 = 18, అంటే బంక 37.4 శాతం. మిగతా ఇసుక 41.8, ఒండ్రు 20.8. త్రిభుజంలో ఇది క్లే లోమ్.

బ్లాంక్ తీయడం మర్చిపోయారనుకోండి. బంక 43.7, ఇసుక 35.5 అయి, మట్టి క్లే అయిపోతుంది. ఇక ‘రెండూ చేస్తే ఇంకా కరెక్ట్‌గా వస్తుంది’ అనుకుని బ్లాంక్ 3 తీసేసి, 20 డిగ్రీలకి పైన ప్రతి డిగ్రీకి 0.36 చొప్పున 2.5 కలిపారనుకోండి, బంక 42.6 వస్తుంది. మళ్లీ క్లేనే. ఎందుకంటే వేడి నీళ్లు పల్చబడటం వల్ల రీడింగ్ తగ్గే సంగతి అదే ఉష్ణోగ్రతలో తీసిన బ్లాంక్‌లో అప్పటికే ఉంది, మీరు దాన్ని రెండోసారి లెక్కేశారు. బ్లాంక్ ఎప్పుడో 20 డిగ్రీల దగ్గర తీసినదైతేనే 0.36 కరెక్షన్ కలపాలి. నన్నడిగితే పక్కన బ్లాంక్ సిలిండర్ పెట్టుకోవడమే సుఖం, టెంపరేచర్ గొడవే ఉండదు.

ఇంకో చిన్న సంగతి. ఈ తప్పులు ఏవి చేసినా ఒండ్రు 20.8 దగ్గరే నిలిచిపోతుంది, రెండు రీడింగుల తేడా మారదు కాబట్టి. మీ ఒండ్రు పక్క బ్యాచ్‌తో కలిసి, ఇసుక, బంక మాత్రం కలవకపోతే ముందు బ్లాంక్ చూడండి.

రీడింగ్ ఎప్పుడు చూడాలి? హైడ్రోమీటర్ పెట్టగానే ఊగుతోంది.

సిలిండర్లో మట్టిని కలిపే ప్లంజర్‌తో ఆఖరి దెబ్బ కొట్టి బయటికి తీసిన క్షణం టైమర్ నొక్కండి. నురగ ఉంటే రెండు చుక్కల అమైల్ ఆల్కహాల్ వేయండి. 25, 30 సెకన్ల దగ్గర హైడ్రోమీటర్‌ని చేత్తో పట్టుకునే నెమ్మదిగా దించి, అది తేలే చోటు రాగానే వదలాలి, ఎత్తు నుంచి వదిలేస్తే 40 సెకన్లకి కూడా ఊగుతూనే ఉంటుంది. బురద నీళ్లలో కింది వంపు కనిపించదు కాబట్టి నీళ్ల పై అంచు దగ్గరే చదవాలి, బ్లాంక్‌లోనూ అలాగే. చదవగానే తీసి కడిగేయాలి. అందులోనే వదిలేస్తే దాని భుజాల మీద మట్టి పేరుకుని బరువెక్కి కిందికి దిగుతుంది, తర్వాతి రీడింగ్ తప్పు.

ఎరువు వేసి బాగా దున్నితే టెక్స్చర్ మారుతుందా?

మారదు. మారేది స్ట్రక్చర్, అంటే రేణువుల అమరిక. టెక్స్చర్ మారాలంటే బయటి నుంచి ఇసుకో చెరువు మట్టో తోలించాలి, అదీ చాలా తోలించాలి.

చేత్తో రిబ్బన్ తీస్తే ఒకటి, హైడ్రోమీటర్‌తో ఇంకోటి వచ్చింది. ఏది రాయాలి?

రెండూ రాయండి. బొటనవేలితో తడి మట్టిని రిబ్బన్‌లా నెడితే 2.5 నుంచి 5 సెం.మీ. వరకు తెగకుండా వస్తే క్లే లోమ్ కోవ, 5 దాటితే క్లే. పక్క గడిలోకి పోతే కంగారు అక్కర్లేదు, చేతి అంచనాకి అంత తేడా మామూలే. రిబ్బన్ అసలు రాని మట్టికి హైడ్రోమీటర్ 45 శాతం బంక చూపిస్తే మాత్రం లెక్కనే అనుమానించండి.

## బల్క్ డెన్సిటీ దశ

నాకు 1.79 వచ్చింది, పక్క వాళ్లకి 1.43. ఒకే పొలం కదా?

మీరు తడి బరువు వేసి ఉంటారు. మన రింగు లోపలి వ్యాసం 5 సెం.మీ., ఎత్తు 5 సెం.మీ., ఘనపరిమాణం 98.2 ఘన సెం.మీ. ఖాళీ రింగు 112 గ్రా., తడి మట్టితో 288, ఓవెన్ తర్వాత 252. పొడి మట్టి 252 − 112 = 140 గ్రా., 140 ÷ 98.2 = 1.43. తడి మట్టి 176 గ్రాములతో చేస్తే 1.79. బల్క్ డెన్సిటీ అంటే ఎప్పుడూ ఓవెన్ పొడి బరువే, కానీ ఘనపరిమాణం మాత్రం పొలంలో ఉన్నప్పటిది. ఎండాక మట్టి రింగులో ముడుచుకుని అంచులు వదిలేసినా ఆ ముడుచుకున్న సైజు లెక్కలోకి రాదు. సాగు చేసే మామూలు మట్టికి 1.7 దాటితే ముందు తడి బరువు వేశామేమో చూసుకోండి.

వ్యాసం లోపలిది కొలవాలా, బయటిదా?

లోపలిది, అదీ కోసే అంచు దగ్గర, వెర్నియర్‌తో. గోడ మందం 1 మి.మీ. ఉన్న రింగుకి బయటి వ్యాసం 5.2 వస్తుంది. దాంతో లెక్కేస్తే 1.43 కాస్తా 1.32 అవుతుంది. వ్యాసం వర్గం అవుతుంది కదా, 2 మి.మీ. తేడా పెద్ద తప్పవుతుంది.

ఓవెన్‌లో 105 డిగ్రీలే ఎందుకు? 24 గంటలు తప్పనిసరా?

అంతకంటే తక్కువైతే సన్న రంధ్రాల్లో నీళ్లు పూర్తిగా పోవు, బాగా ఎక్కువైతే సేంద్రియ పదార్థం మాడి, కొన్ని ఖనిజాల్లో ఇమిడి ఉన్న నీళ్లు కూడా పోతాయి. 24 గంటలు అనేది అలవాటు. అసలు నియమం బరువు ఇక మారకపోవడం. డెసికేటర్లో చల్లారాకే తూకం వేయండి, వేడి రింగు బ్యాలెన్స్ మీద పెడితే అంకె నిలవదు.

కోర్‌తో ఒక అంకె, మైనం పూసిన గడ్డతో ఎక్కువ, కీన్ బాక్స్‌తో తక్కువ. ఏది అసలైంది?

ఒక్కో పద్ధతి కొలిచే వస్తువే వేరు. గడ్డకి మైనం పూసి నీళ్లలో తూచే పద్ధతిలో ఆ గడ్డ లోపలి రంధ్రాలు మాత్రమే లెక్కలోకి వస్తాయి, గడ్డకీ గడ్డకీ మధ్య ఉన్న పగుళ్లూ ఖాళీలూ రావు. అందుకే డెన్సిటీ కోర్ కంటే ఎక్కువ వస్తుంది. కీన్ బాక్స్ అనే అడుగున చిల్లులున్న డబ్బాలో నింపేది జల్లెడ పట్టిన మట్టి, ఆ అమరిక మనం చేత్తో తయారు చేసింది. ఎంత తట్టి నింపితే అంత వస్తుంది. మట్టి ఎంత నీళ్లు పట్టుకోగలదు, తడిస్తే ఎంత ఉబ్బుతుంది అని పోల్చుకోడానికి అది పనికొస్తుంది గానీ ఆ అంకెని పొలం బల్క్ డెన్సిటీ అని రాయకూడదు. పొలంలో వేరు ఎదుర్కొనే గట్టిదనానికి కోర్ దగ్గరగా ఉంటుంది. రాళ్లు ఎక్కువున్న నేలలో మాత్రం కోర్ దిగదు, అక్కడ గుంత తవ్వి ఇసుకతో నింపి ఘనపరిమాణం కట్టాలి. నల్లరేగడి లాంటి ఉబ్బే నేలలో తేమని బట్టి బల్క్ డెన్సిటీయే మారిపోతుంది, కాబట్టి ఏ తేమ దగ్గర తీశారో పక్కన రాయకపోతే ఆ అంకెకి అర్థం లేదు.

## పోరోసిటీ దశ

రేణువుల సాంద్రత 2.65 అని వేసేయొచ్చా, బాటిల్‌తో కొలవాలా?

క్వార్ట్జ్ ఎక్కువున్న మామూలు మట్టికి 2.65 సరిపోతుంది. సేంద్రియ పదార్థం ఎక్కువైతే అంతకంటే తగ్గుతుంది, ఇనుము ఖనిజాలు ఎక్కువైతే పెరుగుతుంది, అలాంటప్పుడు స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్‌తో కొలవాలి. అక్కడ శత్రువు గాలి బుడగ. బాటిల్ నిండా నీళ్లతో 75.0 గ్రా., అందులో 10 గ్రా. మట్టి వేసి మళ్లీ నిండా నింపితే 81.2 అనుకోండి. మట్టి తోసేసిన నీళ్లు 75 + 10 − 81.2 = 3.8 మి.లీ., సాంద్రత 2.63. సరిగ్గా మరిగించకుండా 0.2 మి.లీ. గాలి లోపలే ఉండిపోతే తూకం 81.0 అయి సాంద్రత 2.5కి పడిపోతుంది. అందుకే సన్నమంట మీద మరిగిస్తూ మధ్యమధ్యలో తిప్పి, బుడగలు ఆగాక గది ఉష్ణోగ్రతకి చల్లార్చి నింపమనేది.

మా మట్టికి పోరోసిటీ 46 శాతం వచ్చింది. అది మంచిదా?

మొత్తం అంకె ఒక్కటే చూసి చెప్పలేం, అందులో గాలి ఎంత ఉందో చూడాలి. బల్క్ డెన్సిటీ 1.43 అయితే 1 − 1.43 ÷ 2.65, అంటే పోరోసిటీ 46 శాతం. అదే కోర్‌లో ఎండిపోయిన నీళ్లు 36 గ్రా. అయితే, 98.2తో భాగిస్తే ఘనపరిమాణంలో నీళ్లు 36.7 శాతం. మిగిలిన గాలి 9 శాతం పైచిలుకు. గాలి 10 శాతం కంటే తగ్గితే చాలా పంటల వేళ్లకి ఊపిరాడదని సాధారణంగా లెక్క. కాబట్టి 46 అనే అందమైన అంకె ఉన్నా ఆ రోజున వేరుకి ఇబ్బందే. ఇక్కడ బరువు లెక్క తేమని, అంటే 36 ÷ 140 = 25.7 శాతాన్ని పోరోసిటీ లోంచి తీసేసే వాళ్లున్నారు. పోరోసిటీ ఘనపరిమాణం లెక్క కాబట్టి తేమ కూడా ఘనపరిమాణంలోనే ఉండాలి, లేకపోతే గాలి 20 శాతం ఉందని మోసపోతాం.

బంకమట్టికి పోరోసిటీ ఇసుక కంటే ఎక్కువ కదా, మరి నీళ్లు ఎందుకు దిగవు?

మొత్తం ఖాళీ ఎక్కువే, కానీ ఒక్కో రంధ్రం చాలా సన్నం. గొట్టంలో ప్రవాహం వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. ఒక పెద్ద రంధ్రం బదులు, అంతే వైశాల్యం వచ్చేలా పదో వంతు వ్యాసార్థం ఉన్న వంద సన్న రంధ్రాలు పెట్టారనుకోండి. ఖాళీ అంతే ఉంది, కానీ నీళ్లు దిగేది వందో వంతు. బంకమట్టిలో నీళ్లు గబగబా దిగాయంటే అది పగుళ్ల పుణ్యం.

## ఇన్‌ఫిల్ట్రేషన్ దశ

లోపలి రింగులోనే కొలుస్తాం కదా, బయటి రింగులో కూడా నీళ్లెందుకు?

ఒక్క రింగే ఉంటే నీళ్లు కిందికి దిగడంతో పాటు పక్కలకీ పాకుతాయి, ఆ పక్కకి పోయింది కూడా మనం కిందికి దిగినట్టు లెక్కేస్తాం. మామూలుగా 30 సెం.మీ., 60 సెం.మీ. వ్యాసం ఉన్న రింగులు వాడతాం. బయటి రింగు నీళ్లు పక్కనున్న మట్టిని తడిపి ఉంచితే లోపలి నీళ్లు నిలువునా దిగుతాయి. రెండింట్లో మట్టం ఒకేలా ఉండాలి. బయట ఎండిపోయిందని చూసుకోకపోతే లోపలి నీళ్లు అడుగు నుంచి అటు పోతాయి, రీడింగ్ ఒక్కసారిగా పెరుగుతుంది.

మొదట గంటకి 168 మి.మీ., చివర 8 వచ్చింది. రికార్డులో ఏది రాయాలి?

బేసిక్ రేటు అడిగితే 8. మన క్లే లోమ్ పొలంలో వచ్చిన రీడింగులు ఇవి: మొదటి 5 నిమిషాల్లో 14 మి.మీ., తర్వాతి 5లో 7, తర్వాత పదేసి నిమిషాలకి 8, 5, ఆపైన అరగంటకొకటి 7, 5, 4, 4, 4. మొదటిది గంట లెక్కన 168, ఎందుకంటే పైపొర పొడిగా ఉండి నీళ్లని పీల్చేస్తుంది, సన్న పగుళ్లు కూడా నిండుతాయి. తడిసిన పొర లోతుకి పోయేకొద్దీ ఆ పీల్చే బలం తక్కువై రేటు పడిపోతుంది. చివరి మూడు రీడింగులూ అరగంటకి 4 దగ్గర నిలబడ్డాయి, అంటే గంటకి 8, అదే బేసిక్ రేటు. క్లే లోమ్‌కి మామూలుగా చెప్పే 5 నుంచి 10 మధ్యలోనే ఉంది.

మామూలుగా జరిగే తప్పేంటంటే మొత్తం దిగిన 58 మి.మీ.ని 3 గంటలతో భాగించడం. 19 వస్తుంది, అది లోమ్ నేల అంకె. దాన్ని పట్టుకుని నీళ్లు పెడితే గంటకి 19 మి.మీ. ఇచ్చినప్పుడు సగం పైగా పైనే నిలిచిపోతుంది లేదా పారిపోతుంది. ఒక గంట చేసి ‘టైం అయిపోయింది సార్’ అని లేచిపోయే బ్యాచ్‌కి, చివరి అరగంట 7 మి.మీ. లెక్కన 14 వస్తుంది, అదీ తప్పే. వరసగా మూడు రీడింగులు కలిసేదాకా కూర్చోవాలి.

నీళ్లు అసలు దిగట్లేదు. లేదా పోసినట్టే మాయమవుతున్నాయి.

దిగకపోతే, బకెట్‌తో ఎత్తు నుంచి పోశారేమో గుర్తు తెచ్చుకోండి. ఆ దెబ్బకి పైమట్టి చెదిరి సన్న బురద రంధ్రాల్ని మూసేస్తుంది, నీళ్లు కూడా ఎర్రగానో బూడిదగానో కలుషితమై కనిపిస్తాయి. అందుకే రింగు అడుగున పాలిథిన్ పరిచి, దాని మీద నీళ్లు పోసి, నెమ్మదిగా లాగేస్తాం. లాగిన క్షణమే టైం మొదలు.

మాయమైపోతుంటే రింగు గోడ పక్కన సందు ఉందో చూడండి. రింగుని అటూ ఇటూ ఊపుతూ దించితే గోడకీ మట్టికీ మధ్య సన్న చీలిక ఏర్పడి నీళ్లన్నీ దానెంట పోతాయి. గోడ వెంబడి బుడగలు వరసగా లేస్తుంటే అదే. సందు లేకుండా కూడా రేటు పడిపోవట్లేదంటే లోపల వానపాము బొక్కో, చీమల గూడో, పాత వేరు దారో ఉంది. చోటు మార్చి కనీసం మూడు చోట్ల చేయండి, ఒక్కచోటి అంకెని పొలం మొత్తానికి అంటగట్టకండి.

స్కేలు లేదు, పోసిన నీళ్లు మి.లీ.లో ఉన్నాయి. మి.మీ.లోకి ఎలా?

పోసిన నీళ్లని లోపలి రింగు వైశాల్యంతో భాగించండి. 30 సెం.మీ. రింగుకి 707 చదరపు సెం.మీ., అంటే 707 మి.లీ. పోస్తే 1 సెం.మీ., దాదాపు 71 మి.లీ. పోస్తే 1 మి.మీ. బయటి రింగులో పోసిన నీళ్లు ఈ లెక్కలో కలపకూడదు, వాటిని కొలవక్కర్లేదు కూడా.